రేషియో టెస్ట్ 1 ఇచ్చిన చోటే అసలు లెక్క మొదలవుతుంది: పవర్ సిరీస్ ఎండ్‌పాయింట్లు

ప్రశ్న: Σ (−1)^n (2x−5)^n / (3^n √n), n = 1 నుంచి. రేషియో టెస్ట్ వేస్తే |2x−5| < 3 వచ్చింది, రేడియస్ 3 అని రాశాను. కీలో 3/2 అని, ఇంటర్వల్ (1, 4] అని ఉంది. x = 1, x = 4 దగ్గర మళ్లీ రేషియో టెస్ట్ వేస్తే రెండుచోట్లా 1 వస్తోంది. పైగా (−1)^n ఉంది కాబట్టి రెండూ ఆల్టర్నేటింగే కదా, ఒకటి కలిసి ఇంకొకటి ఎందుకు పోయింది?

జవాబు:

ముందు రేడియస్ సంగతి చూద్దాం, అది చిన్నది. |2x−5| < 3 వరకు మీరు చేసింది పూర్తిగా కరెక్టే, తప్పు ఒక్క అడుగు ముందే ఆగిపోవడం. రేడియస్ అంటే x తన సెంటర్ నుంచి ఎంత దూరం వెళ్లొచ్చు అన్నది, 2x వెళ్లే దూరం కాదు. కాబట్టి బ్రాకెట్‌లోంచి 2 బయటికి తీయాలి: 2x−5 = 2(x − 5/2). అప్పుడు 2|x − 5/2| < 3, అంటే |x − 5/2| < 3/2. సెంటర్ 5/2, రేడియస్ 3/2. ఇంటర్వల్ 1 నుంచి 4 దాకా అని మీకు ఎలాగూ వచ్చింది కాబట్టి దాని పొడవు 3, అందులో సగం 3/2 అని చూసుకున్నా సరిపోయేది. x ముందు ఏదైనా సంఖ్య ఉన్న ప్రతిసారీ ఈ పొరపాటు జరుగుతుంది, అందుకే నేను లెక్క మొదలుపెట్టే ముందే సిరీస్‌ని (x − c)^n రూపంలోకి మార్చేసుకుంటాను. మీ సిరీస్ అయితే (−1)^n (2/3)^n (x − 5/2)^n / √n అవుతుంది, ఇక్కడ 2/3 ని తిరగేస్తే 3/2, రేడియస్ కంటికే కనిపిస్తుంది.

ఇక ఎండ్‌పాయింట్లు. అక్కడ రేషియో టెస్ట్ 1 ఇవ్వడం యాదృచ్ఛికం కాదు, మీరు లెక్క తప్పు చేసినందుకూ కాదు. అసలు 1, 4 అన్న సంఖ్యలు మీకు ఎక్కడి నుంచి వచ్చాయో గుర్తు తెచ్చుకోండి. రేషియో లిమిట్ |2x−5|/3 అని వచ్చింది, అది 1 కంటే తక్కువ ఉండాలన్నారు, ఆ హద్దు 1 కి సమానమయ్యే x లు పట్టుకున్నారు. అంటే రేషియో లిమిట్ 1 అయ్యే చోట్లనే ఎండ్‌పాయింట్లు అన్నారు. మళ్లీ అక్కడే అదే టెస్ట్ వేస్తే 1 కాక ఇంకేమొస్తుంది? రూట్ టెస్ట్ వేసినా అంతే. పరీక్షలో చాలామంది ఇక్కడ పావుగంట పోగొట్టుకుంటారు, రేషియో లిమిట్‌ని మూడుసార్లు తిరగరాసి, టెస్ట్ ఏమీ చెప్పలేదు కాబట్టి డైవర్జ్ అని రాసేస్తారు. టెస్ట్ ఏమీ చెప్పకపోవడం వేరు, డైవర్జ్ అవుతుందని చెప్పడం వేరు.

ఇలా ఎందుకు జరుగుతుందో లోపలికి వెళ్లి చూస్తే ఎండ్‌పాయింట్ దగ్గర ఏం చేయాలో దానంతట అదే తెలుస్తుంది. మీ పదంలో రెండు రకాల ముక్కలున్నాయి. ఒకటి జామెట్రిక్ ముక్క, ((2x−5)/3)^n. రెండోది √n. n పెరిగేకొద్దీ జామెట్రిక్ ముక్క ముందు √n లెక్కలోకే రాదు. ఉదాహరణకి x = 3.9 తీసుకోండి, అప్పుడు 2x−5 = 2.8, మూడుతో భాగిస్తే 0.933. దాని n వ ఘాతం ఎంత వేగంగా సున్నాకి పోతుందంటే, కింద √n ఉన్నా ఒకటే, n² పైన ఉన్నా ఒకటే, సిరీస్ కన్వర్జ్ అవుతుంది. రేషియో టెస్ట్ చూసేది ఈ జామెట్రిక్ ముక్కని మాత్రమే. n వ పదానికీ (n+1) వ పదానికీ మధ్య √n/√(n+1) అన్నది 1 కి వెళ్లిపోతుంది కాబట్టి √n దానికి కనపడదు. సరిగ్గా ఎండ్‌పాయింట్ దగ్గర జామెట్రిక్ ముక్క ±1 అయిపోయి మాయమవుతుంది, మిగిలేది రేషియో టెస్ట్‌కి కనపడని ఆ √n ఒక్కటే, దానితోపాటు గుర్తు. ఇక ఆ రెండే నిర్ణయిస్తాయి.

దీన్నుంచి మంచి చెక్ ఒకటి దొరుకుతుంది. ఎండ్‌పాయింట్‌ని సిరీస్‌లో పెట్టి సింప్లిఫై చేశాక, ఏదో సంఖ్య^n అన్నది, (−1)^n తప్ప, మిగలకూడదు. మిగిలితే రేడియస్ తప్పు. మీరు రేడియస్ 3 అని నమ్మి 5/2 + 3 = 11/2 దగ్గర చూసి ఉంటే 2x−5 = 6 అవుతుంది, 6^n/3^n = 2^n మిగిలిపోతుంది. అక్కడే ఆగి వెనక్కి వెళ్లి ఉండేవాళ్లు. అన్ని సిరీస్‌లలో పదం ఇంత శుభ్రంగా విడిపోదు, ఫ్యాక్టోరియల్ ఉంటే వేరే కథ, అది కిందికి వస్తుంది.

ఇప్పుడు మీ సిరీస్ చేద్దాం. x = 4 పెట్టండి. 2x−5 = 3. పదం (−1)^n · 3^n / (3^n √n). 3^n రెండూ కొట్టేస్తే (−1)^n/√n. ఇది ఆల్టర్నేటింగ్. 1/√n పాజిటివ్, తగ్గుతూ పోతుంది, సున్నాకి వెళ్తుంది. లైబ్నిజ్ టెస్ట్ ప్రకారం కన్వర్జ్. పార్షియల్ సమ్స్ చేత్తో వేసి చూస్తే విషయం కనిపిస్తుంది: −1, తర్వాత −0.293, −0.870, −0.370, −0.817, −0.409. ఒకసారి అటు ఒకసారి ఇటు ఊగుతూ, ప్రతి ఊపు ముందుదానికంటే చిన్నదవుతూ −0.605 దగ్గరికి చేరుతుంది. చాలా నెమ్మదిగా చేరుతుంది, ఎందుకంటే n పదాలు కూడాక ఉండే తేడా 1/√(n+1) లోపు ఉంటుందని మాత్రమే గ్యారంటీ, వంద పదాలు కూడినా ఆ హద్దు 0.1 దగ్గరే ఉంటుంది.

x = 1 పెట్టండి. 2x−5 = −3. ఇక్కడ బ్రాకెట్ తప్పనిసరి: (−3)^n అని రాయాలి, −3^n అని కాదు. నేను దిద్దిన పేపర్లలో ఎండ్‌పాయింట్ తప్పుల్లో ఎక్కువ భాగం ఈ బ్రాకెట్ వదిలేయడం వల్లే వచ్చాయి. −3^n అని రాస్తే మైనస్ గుర్తు ఘాతం లోపలిది కాకుండా బయటిది అయిపోతుంది, అప్పుడు ముందున్న (−1)^n అలాగే ఉండిపోయి సిరీస్ ఆల్టర్నేటింగ్‌లా కనిపిస్తుంది. మీకు రెండుచోట్లా ఆల్టర్నేటింగ్ అనిపించింది ఇందుకే అయి ఉండొచ్చు. సరిగ్గా రాస్తే (−3)^n = (−1)^n 3^n, ముందున్న (−1)^n తో కలిపి (−1)^(2n) 3^n, అంటే ఉత్త 3^n. మిగిలేది Σ 1/√n. అన్ని పదాలూ పాజిటివ్. ఇది p = 1/2 తో p-సిరీస్, డైవర్జ్.

p-సిరీస్ రూల్ గుర్తులేకపోయినా దీన్ని ఒక్క వాక్యంలో తేల్చొచ్చు: మొదటి n పదాల్లో ప్రతిదీ కనీసం 1/√n, అలాంటివి n ఉన్నాయి, కాబట్టి మొత్తం కనీసం n/√n = √n. వంద పదాలకి 10 దాటుతుంది, పదివేల పదాలకి 100 దాటుతుంది, ఎక్కడా ఆగదు. పదాలు సున్నాకి వెళ్తున్నాయి కదా కన్వర్జ్ అవ్వాలి కదా అన్న సందేహం వచ్చేది సరిగ్గా ఇక్కడే. పదాలు సున్నాకి వెళ్లకపోతే డైవర్జ్ అన్నది నిజం, వెళ్తే కన్వర్జ్ అన్నది నిజం కాదు.

కాబట్టి ఇంటర్వల్ (1, 4]. x = 4 దగ్గర కన్వర్జెన్స్ కండిషనల్, ఎందుకంటే ఆబ్సొల్యూట్ విలువలు తీసుకుంటే మళ్లీ Σ 1/√n వచ్చి డైవర్జ్ అవుతుంది. ఆబ్సొల్యూట్ కన్వర్జెన్స్ ఎక్కడ అని విడిగా అడిగితే (1, 4) అని రాయాలి, 4 కలపకూడదు.

ఇక్కడ చాలామంది ఒక అడ్డదారి పట్టుకుంటారు: కుడివైపు ఎండ్‌పాయింట్‌లో అన్నీ పాజిటివ్, ఎడమవైపు ఆల్టర్నేటింగ్ అని బట్టీ. Σ x^n/√n కి అది నిజమే. మీ సిరీస్‌లో ముందే (−1)^n ఉంది కాబట్టి అంతా తిరగబడింది, ఎడమవైపు పాజిటివ్ అయింది, కుడివైపు ఆల్టర్నేటింగ్ అయింది. (5−2x)^n అని ఇచ్చినా ఇదే సిరీస్, అందులో మైనస్ దాక్కుని ఉంటుంది. అందుకే బట్టీ వద్దు, ప్రతిసారీ విలువ పెట్టి, ఘాతాలు విప్పి, గుర్తులు కలిపి, ఆఖరున మిగిలిన సంఖ్యల సిరీస్‌ని ఒక లైన్లో విడిగా రాసుకుని, అప్పుడు టెస్ట్ ఎంచుకోండి.

మీరు అడగకపోయినా లైబ్నిజ్ టెస్ట్ గురించి ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఎండ్‌పాయింట్లలో దీన్ని దాదాపు అందరూ సగమే వాడతారు. గుర్తు మారుతోంది, పదం సున్నాకి వెళ్తోంది, కాబట్టి కన్వర్జ్ అని రాసేస్తారు. పదాల సైజు తగ్గుతూ పోవాలి అన్న షరతు రాయరు, చూడరు. మీ సిరీస్‌లో 1/√n తగ్గుతుందని ఎవరికైనా తెలుసు కాబట్టి నష్టం లేదు. కానీ ఈ సిరీస్ తీసుకోండి, n = 2 నుంచి:

Σ (−1)^n x^n / (√n + (−1)^n)

రేషియో లిమిట్ |x|, రేడియస్ 1. x = −1 దగ్గర (−1)^n లు రెండూ కలిసిపోయి 1/(√n + (−1)^n) మిగులుతుంది, పాజిటివ్ పదాలు, 1/√n తో పోలిస్తే డైవర్జ్. x = 1 దగ్గర (−1)^n/(√n + (−1)^n). గుర్తు మారుతోంది, కింద √n ఉంది కాబట్టి పదం సున్నాకి వెళ్తోంది. ఇక కన్వర్జ్ అని రాసి (−1, 1] అని పెట్టేయాలనిపిస్తుంది. ఒక్కసారి సైజులు వేసి చూడండి. n = 2 కి 0.414, n = 3 కి 1.366, n = 4 కి 0.333, n = 5 కి 0.809, n = 6 కి 0.290, n = 7 కి 0.608. తగ్గడం లేదు, ఎగుడుదిగుడుగా ఉంది, పైగా పెద్ద పదాలన్నీ బేసి n దగ్గర, అంటే నెగెటివ్ గుర్తు ఉన్న చోటే ఉన్నాయి. ప్రతి జంటలోనూ నెగెటివ్ వైపు కొంచెం మిగిలిపోతుంది.

ఆ మిగిలేది ఎంతో తేల్చాలంటే పైనా కిందా (√n − (−1)^n) తో గుణించండి. కింద n − 1 వస్తుంది. పైన (−1)^n √n − 1 వస్తుంది. అంటే మన పదం రెండు ముక్కలుగా విడిపోయింది: (−1)^n √n/(n−1) ఒకటి, −1/(n−1) ఇంకొకటి. మొదటిదాంట్లో √n/(n−1) ని 1/(√n − 1/√n) అని రాస్తే కింది భాగం పెరుగుతూ పోతోందని తెలుస్తుంది, కాబట్టి అది నిజంగానే తగ్గుతుంది, లైబ్నిజ్ ప్రకారం ఆ ముక్క కన్వర్జ్. రెండోది హార్మోనిక్ సిరీస్, మైనస్ గుర్తుతో, డైవర్జ్. కన్వర్జ్ అయ్యేదీ డైవర్జ్ అయ్యేదీ కలిస్తే మొత్తం డైవర్జ్. కాబట్టి ఇంటర్వల్ (−1, 1), రెండు చివర్లూ పోయాయి. అలాగని తగ్గడం లేదు కాబట్టి డైవర్జ్ అని ఒక్కముక్కలో రాసేయకండి, అదీ తప్పే. తగ్గకపోతే లైబ్నిజ్ టెస్ట్ ఏమీ చెప్పదు, అంతే. డైవర్జ్ అని చూపించింది పైన చేసిన విడదీత.

ఇప్పుడు ఫ్యాక్టోరియల్ కథ. Σ n! x^n / n^n తీసుకుందాం. రేషియో వేస్తే |x| · (n/(n+1))^n, అంటే |x| / (1 + 1/n)^n, దాని లిమిట్ |x|/e. రేడియస్ e. ఎండ్‌పాయింట్ x = e దగ్గర పదం n! e^n / n^n. దీన్ని చూస్తే ఏ p-సిరీస్ తోనూ పోలిక కనపడదు, ఇంటిగ్రల్ టెస్ట్ వేయడానికి ఫ్యాక్టోరియల్ అడ్డం, అందరూ ఇక్కడే టెన్షన్ పడతారు.

రేషియో లిమిట్ ఇక్కడ పనికిరాదని పైన అన్నాను. కానీ లిమిట్ తీసుకోకముందు ఉన్న రేషియో పనికొస్తుంది, ఈ తేడా పట్టుకుంటే చాలా లెక్కలు తేలిపోతాయి. x = e దగ్గర (n+1) వ పదాన్ని n వ పదంతో భాగిస్తే e/(1 + 1/n)^n. ఇప్పుడు (1 + 1/n)^n అన్నది e కి కింది నుంచి చేరుతుంది, ఏ n దగ్గరా e ని అందుకోదు. కాబట్టి ఆ రేషియో లిమిట్ 1 అయినా, ప్రతి n దగ్గరా 1 కంటే ఖచ్చితంగా ఎక్కువ. అంటే ప్రతి పదం ముందు పదం కంటే పెద్దది. మొదటి పదం e, అంటే 2.718. రెండోది 3.69, మూడోది 4.46, నాలుగోది 5.12. పెరుగుతూ పోయే పదాలు సున్నాకి ఎలా వెళ్తాయి? వెళ్లవు, కాబట్టి డైవర్జ్. x = −e దగ్గర సైజులు ఇవే, గుర్తు మాత్రం మారుతూ ఉంటుంది. ఆల్టర్నేటింగ్ అనగానే కన్వర్జ్ అని రాసే అలవాటు ఇక్కడ దెబ్బ తీస్తుంది. పదాలు సున్నాకి వెళ్లడం లేదు కాబట్టి గుర్తు మారినా మారకపోయినా డైవర్జే. ఇంటర్వల్ (−e, e).

స్టర్లింగ్ ఫార్ములా తెలిసినవాళ్లకి ఇంకో దారి ఉంది: n! ని √(2πn) (n/e)^n తో పోలిస్తే n! e^n/n^n దాదాపు √(2πn) అవుతుంది. n = 4 దగ్గర అది 5.01, మనకి వచ్చిన 5.12 కి దగ్గరగానే ఉంది. జామెట్రిక్ ముక్క e^n రద్దయిపోయి √n లాంటిది మిగిలింది, కాకపోతే ఈసారి పైన మిగిలింది. పైన చెప్పిన చెక్ ఫ్యాక్టోరియల్ ఉన్నప్పుడు కూడా నిజమే, ఆ రద్దు కావడం కంటికి కనపడదు, అంతే తేడా.

ఈ పద్ధతి ఒకవైపే పనిచేస్తుందని మాత్రం గుర్తుంచుకోండి. రేషియో ఎప్పుడూ 1 కంటే ఎక్కువ ఉంటే డైవర్జ్, ఖాయం. ఎప్పుడూ 1 కంటే తక్కువ ఉంటే కన్వర్జ్ అనుకోకూడదు. Σ 1/n లో రేషియో n/(n+1), ఎప్పుడూ 1 కంటే తక్కువే, అయినా డైవర్జ్. 1 కంటే తక్కువ అన్నది పదాలు తగ్గుతున్నాయని మాత్రం చెబుతుంది, అది లైబ్నిజ్ టెస్ట్‌లో తగ్గుదల షరతుకి పనికొస్తుంది, అంతకుమించి ఏమీ ఇవ్వదు.

ఎండ్‌పాయింట్ జవాబు సరిగ్గా వచ్చిందా అని చూసుకోవడానికి డెరివేటివ్ మంచి సాధనం. సిరీస్‌ని పదం పదంగా డిఫరెన్షియేట్ చేసినా ఇంటిగ్రేట్ చేసినా రేడియస్ మారదు, ఎండ్‌పాయింట్లు మాత్రం మారొచ్చు. అదీ ఒకే దిశలో: డిఫరెన్షియేట్ చేస్తే ఎండ్‌పాయింట్ పోవచ్చు, కొత్తది రాదు. ఇంటిగ్రేట్ చేస్తే కొత్తది రావచ్చు, ఉన్నది పోదు. Σ x^n/n² కి [−1, 1]. దాన్ని ఒకసారి డిఫరెన్షియేట్ చేస్తే Σ x^(n−1)/n, ఇంటర్వల్ [−1, 1), కుడివైపు పోయింది. ఇంకోసారి చేస్తే పదంలో (n−1)/n మిగిలి అది సున్నాకి వెళ్లదు, ఇంటర్వల్ (−1, 1), ఎడమవైపు కూడా పోయింది. ప్రతిసారీ కింద ఉన్న n లో ఒక ఘాతం తగ్గుతోంది, ఎండ్‌పాయింట్‌ని కాపాడుతున్నది అదే. ఒక సిరీస్‌కి [−1, 1) అని రాసి దాని డెరివేటివ్‌కి [−1, 1] అని వస్తే రెండింట్లో ఒకటి ఖచ్చితంగా తప్పు.

ఇంటిగ్రేట్ చేసినప్పుడు జరిగే పొరపాటు దీనికి అద్దంలో బొమ్మ లాంటిది. 1/(1+x) = 1 − x + x² − ... అన్నది (−1, 1) లోనే. దాన్ని ఇంటిగ్రేట్ చేసి ln(1+x) = x − x²/2 + x³/3 − ... తెచ్చుకుంటాం, ఆ తర్వాత పాత ఇంటర్వల్‌నే కాపీ చేసేస్తాం. కానీ x = 1 దగ్గర ఇప్పుడు 1 − 1/2 + 1/3 − ... వచ్చింది, కన్వర్జ్ అవుతుంది, కాబట్టి (−1, 1] అని రాయాలి. అక్కడ మొత్తం నిజంగా ln 2 (సుమారు 0.693) అవుతుందా అంటే అవుతుంది, కానీ అది ఎండ్‌పాయింట్‌లో కన్వర్జ్ అవుతుందన్న మాటకంటే పెద్ద మాట. దానికి 1826 నాటి ఆబెల్ సిద్ధాంతం కావాలి: ఎండ్‌పాయింట్‌లో సిరీస్ కన్వర్జ్ అయితే, లోపలి నుంచి ఆ చివరకి వస్తే ఫంక్షన్ విలువ ఎటు వెళ్తుందో సిరీస్ మొత్తం కూడా అదే. కన్వర్జ్ అవుతుందని ముందే తేలాలి, అందుకే ముందు ఎండ్‌పాయింట్ టెస్ట్, తర్వాత ఆబెల్.

ఆఖరుగా మీ తర్వాతి లెక్కల్లో తప్పకుండా వచ్చే రకం ఒకటి: కొన్ని ఘాతాలు లేని సిరీస్. Σ x^(2n)/(4^n n) చూడండి. కోఎఫిషియెంట్ రేషియో 1/4 కి వెళ్తుంది కాబట్టి రేడియస్ 4 అని రాస్తారు. రేషియో టెస్ట్‌ని x తో సహా వేస్తే x²/4 < 1 వస్తుంది, అంటే |x| < 2, రేడియస్ 2. ఎండ్‌పాయింట్లలో x = 2 కీ x = −2 కీ x^(2n) = 4^n, రెండుచోట్లా Σ 1/n, రెండూ డైవర్జ్, ఇంటర్వల్ (−2, 2). సరి ఘాతాలు మాత్రమే ఉన్నప్పుడు రెండు చివర్లలో అచ్చం ఒకే సిరీస్ వస్తుంది, రాకపోతే ఎక్కడో గుర్తు జారిందని అర్థం.

బేసి ఘాతాలు మాత్రమే ఉంటే కొంచెం వేరు. tan⁻¹x సిరీస్ Σ (−1)^n x^(2n+1)/(2n+1), n = 0 నుంచి, రేడియస్ 1. x = 1 దగ్గర 1 − 1/3 + 1/5 − ..., లైబ్నిజ్ ప్రకారం కన్వర్జ్. మాధవ, లైబ్నిజ్ పేర్లతో పిలిచే π/4 సిరీస్ ఇదే. x = −1 పెట్టగానే మీ లెక్కలో లాగా (−1)^n లు కలిసిపోయి అన్నీ ఒకే గుర్తు అవుతాయని తొందరపడకండి. (−1)^(2n+1) అన్నది n ఏదైనా −1 మాత్రమే, (−1)^n కాదు. కాబట్టి అదే సిరీస్ మొత్తానికి మైనస్ తగిలి వస్తుంది: −1 + 1/3 − 1/5 + ..., ఇదీ ఆల్టర్నేటింగే, ఇదీ కన్వర్జే, ఇంటర్వల్ [−1, 1]. మీ సిరీస్‌లో x = 1 దగ్గర గుర్తులు రద్దయ్యాయి, ఇక్కడ x = −1 దగ్గర రద్దు కాలేదు. తేడా అంతా ఘాతంలో n ఉందా, 2n+1 ఉందా అన్నదాంట్లోనే ఉంది, అది విలువ పెట్టి విప్పి రాస్తేనే కనపడుతుంది.